మిరపాకు ఫొటోలు ఆరొందల నలభై, మోడల్ వెయిట్లు కోటి పైన: ఫైన్ ట్యూనింగ్ నిజంగా ఎప్పుడు గెలుస్తుంది

(ఫైనలియర్ స్టూడెంట్స్ కోసం పెట్టిన ప్రాజెక్ట్ వర్క్‌షాప్‌లో ఇచ్చిన టాక్. రికార్డింగ్ విని టైప్ చేసింది.)

వినపడుతోందా అందరికీ? వెనక బెంచీల వాళ్ళకి? సరే. ఫ్యాన్ చప్పుడు చేస్తోంది కానీ ఆపితే ఉడికిపోతాం, ఉండనివ్వండి.

ప్రతి ఏడాది రివ్యూల్లో నాకు ఒకే స్లైడ్ కనిపిస్తుంది. ఎడమ పక్కన "స్క్రాచ్ నుంచి ట్రెయిన్ చేశాం, ఇంత వచ్చింది", కుడి పక్కన "ట్రాన్స్‌ఫర్ లెర్నింగ్ వాడాం, ఇంత వచ్చింది", కుడిది ఎక్కువ, థాంక్యూ. ఎందుకు ఎక్కువొచ్చిందమ్మా అంటే "ఇమేజ్‌నెట్ మీద ముందే నేర్చుకుంది కదా సార్" అంటారు. తప్పేం కాదు. అట్లా ముందే నేర్చుకున్న మోడల్‌ని తెచ్చి మన డేటా మీద కొంచెం సర్దడమే ఫైన్ ట్యూనింగ్. కానీ ఆ తేడా నిజం తేడానా, మీ లెక్క తప్పడం వల్ల వచ్చిందా, ఇంకో డేటా మీద కూడా ఉంటుందా, ఇవేవీ ఆ స్లైడ్ చెప్పదు. అందుకని ఇవాళ ఒక్క ప్రాజెక్టే తీసుకుని అటూ ఇటూ తిప్పి చూద్దాం.

నా దగ్గర నలుగురు పిల్లలు చేసిన ప్రాజెక్ట్ అది. వాళ్ళలో ఒకబ్బాయి వాళ్ళ నాన్నకి మిరప చేను ఉంది. ఫోన్ పట్టుకెళ్ళి నలభై మొక్కలు ఎంచుకుని ఒక్కో మొక్కకి పదహారు ఫొటోలు తీశారు, మొత్తం 640. క్లాసులు నాలుగు: మంచి ఆకు, పైముడత, కిందిముడత, బూడిద తెగులు. మిరప తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఒక్క మాట, తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి పడితే కిందికి ముడుచుకుంటాయి, రెండిటికీ మందులు వేరు. ఈ పైకి కిందికి అన్నది గుర్తుపెట్టుకోండి, దీనితోనే ఒక గొడవ ఉంది, తర్వాత చెప్తా.

మోడల్ రెస్‌నెట్ 18. అందరూ వాడేదే. ఇందులో దాదాపు కోటీ 17 లక్షల వెయిట్లు ఉంటాయి. ఇమేజ్‌నెట్‌లో 12 లక్షల 80 వేల ఫొటోలు, 1000 క్లాసుల మీద నేర్చుకున్నది. చివరి లేయర్ 512 నంబర్లు తీసుకుని 1000 క్లాసులకి స్కోర్లిస్తుంది. మనకి వెయ్యి అక్కర్లేదు కదా, నాలుగు చాలు, కాబట్టి ఆ లేయర్ పీకేసి కొత్తది పెడతాం. కొత్త దాంట్లో ఎన్ని వెయిట్లు? 512 ఇంటూ 4, ప్లస్ 4, అంటే 2,052. మిగతాదంతా మారకుండా ఫ్రీజ్ చేస్తే మీ 640 ఫొటోలు నేర్పాల్సింది ఈ 2,052 నంబర్లే. అదే స్క్రాచ్ అయితే? కోటీ 11 లక్షల పైచిలుకు నంబర్లని అవే 640 ఫొటోలతో నేర్పాలి. అంచు అంటే ఏంటి, రంగు మారడం అంటే ఏంటి, గరుకుగా ఉండటం అంటే ఏంటి, అన్నీ ఆ 640 ఫొటోల్లోంచే కనుక్కోవాలి. ఇమేజ్‌నెట్‌లో మిరపాకు ఉందా లేదా అన్నది కాదు ఇక్కడ విషయం, మొదటి లేయర్లు నేర్చుకునే అంచులూ రంగులూ కుక్కకైనా బస్సుకైనా ఆకుకైనా పనికొస్తాయి.

```python
import torch
from torchvision.models import resnet18, ResNet18_Weights

w = ResNet18_Weights.IMAGENET1K_V1
model = resnet18(weights=w)
for p in model.parameters():
    p.requires_grad = False
model.fc = torch.nn.Linear(512, 4)
prep = w.transforms()
```

ఇంతవరకూ మీ అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఆ పిల్లల మొదటి రివ్యూ. ఫైన్ ట్యూన్ చేస్తే 98 శాతం దాకా, స్క్రాచ్ అయితే 93 దాకా. నేను చూసి మెచ్చుకోలేదు, భయపడ్డా. (నవ్వులు) నిజం, ఎందుకంటే 640 ఫొటోలతో స్క్రాచ్ నుంచి కోటి వెయిట్లు నేర్చుకుని 93 వచ్చిందంటే అది ఆకుని చూడట్లేదు, ఇంకేదో చూస్తోంది.

ఏం చేశారమ్మా అంటే 640 ఫొటోలనీ కలిపేసి షఫుల్ చేసి 80, 20 కింద విడగొట్టారు. ఒక్కో మొక్కకి పదహారు ఫొటోలు అన్నాను కదా, అంటే టెస్టులో ఉన్న ప్రతి ఫొటోకీ దాని తోబుట్టువులు సగటున ఒక పన్నెండు ట్రెయినింగ్‌లో కూర్చున్నాయి. అదే మొక్క, అదే ఎండ, వెనకాల అదే డ్రిప్ పైపు, రెండు సెకన్ల తేడాతో తీసిన ఫొటో. మోడల్‌కి ముడత అంటే ఏంటో తెలియక్కర్లేదు, "ఈ పైపున్న మొక్క కిందిముడత" అని బట్టీ పడితే చాలు, టెస్టులో మార్కులు పడిపోతాయి. బట్టీ పట్టడానికి కోటి వెయిట్లు చాలా ఎక్కువ, స్క్రాచ్ మోడల్ కూడా హాయిగా పట్టేస్తుంది.

ఇక్కడ గమనించండి, ఇట్లా టెస్టు సమాచారం ట్రెయినింగ్‌లోకి జారిపోతే, అంటే లీకేజ్ ఉంటే, అక్యురసీ పెరుగుతుంది అని అందరూ చెప్తారు, దానికన్నా నాకు ముఖ్యమైనది ఇంకోటి ఉంది, లీకేజ్ ఉంటే స్క్రాచ్‌కీ ఫైన్ ట్యూనింగ్‌కీ మధ్య తేడానే చెరిగిపోతుంది. బట్టీ పరీక్షలో ఇద్దరికీ మంచి మార్కులే కదా. తర్వాత మొక్కల వారీగా విడగొట్టించాను, అంటే ఒక మొక్క ఫొటోలన్నీ అయితే ట్రెయినింగ్‌లో, లేకపోతే టెస్టులో, రెండిట్లో ఉండకూడదు. సైకిట్‌లెర్న్‌లో `GroupKFold` ఉంది, `groups` అన్న చోట మొక్క నంబర్ ఇస్తే అదే చూసుకుంటుంది. ఐదు ఫోల్డులు, ప్రతిసారీ ఎనిమిది కొత్త మొక్కలు, 128 ఫొటోలు. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు. స్క్రాచ్ సగం దగ్గరికి జారిపోయింది. ఫ్రీజ్ చేసిన ప్రీట్రెయిన్డ్ మోడల్ కూడా తగ్గింది కానీ ఎనభై దగ్గర నిలబడింది. ముందు ఐదు పాయింట్లు కనిపించిన తేడా ఇప్పుడు పాతిక ముప్పై పాయింట్లు. అసలు తేడా ఇది.

ఒకమ్మాయి అడిగింది, సార్ మొక్క నంబర్ రాసుకోకపోతే ఎట్లా అని. ఫొటో టైమ్ చూడండి. ఫైల్ పేర్లోనే ఉంటుంది చాలా ఫోన్లలో. నిమిషం గ్యాప్ వచ్చిన చోటల్లా కొత్త మొక్క అనుకుని గ్రూపు కట్టండి, నూటికి నూరు కరెక్ట్ కాకపోయినా షఫుల్ కన్నా వెయ్యి రెట్లు నయం.

బ్యాక్‌గ్రౌండ్ సంగతి వచ్చింది కాబట్టి ప్లాంట్‌విలేజ్ డేటాసెట్ గురించి కూడా. మీలో సగం మంది దాన్నే డౌన్‌లోడ్ చేసుకుంటారు, నాకు తెలుసు. 54 వేల ఫొటోలు, 38 క్లాసులు, ఆకుని తెంపి ఒకే రకం బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. 2022లో ఒక పేపర్లో ఏం చేశారంటే ఆకుని పూర్తిగా వదిలేసి బ్యాక్‌గ్రౌండ్‌లోంచి ఎనిమిదంటే ఎనిమిది పిక్సెల్స్ తీసుకుని మోడల్ ట్రెయిన్ చేశారు. 49 శాతం అక్యురసీ వచ్చింది. 38 క్లాసుల్లో గుడ్డిగా చెప్తే 2.6 రావాలి! మీ డేటా మీద మీరూ ఈ పరీక్ష చెయ్యొచ్చు, ఆకు ఉన్న మధ్య భాగం మీద నల్ల చతురస్రం వేసేసి చుట్టూ అంచులతోనే ట్రెయిన్ చేయండి, నాలుగు క్లాసుల్లో పాతిక శాతం దగ్గర రావాలి, అరవై వచ్చిందంటే మీ డేటా తీసిన పద్ధతిలోనే తేడా ఉంది. మా వాళ్ళు మంచి ఆకులన్నీ పొద్దున పూటా, బూడిద తెగులువన్నీ సాయంత్రం పూటా తీశారు, అది ఇట్లానే బయటపడింది, మళ్ళీ వెళ్ళి తీశారు పాపం, ఎండలో.

సరే, ఇప్పుడు స్ప్లిట్ బాగుంది. తర్వాతేంటి? అందరూ ఇక్కడ పొరపాటు చేసేది ఏంటంటే ప్రీట్రెయిన్డ్ మోడల్ లోడ్ చేసి కొత్త చివరి లేయర్ పెట్టి మొత్తం ఒకేసారి లెర్నింగ్ రేట్ 0.01 పెట్టి వదిలేస్తారు. చివరి లేయర్ ఇంకా రాండమ్‌గా ఉంది కదా, దానికి ఏమీ తెలీదు, మొదటి పది బ్యాచుల్లో అది చేసే తప్పులు చాలా పెద్దవి, ఆ తప్పులకి పెద్ద పెద్ద గ్రేడియెంట్లు వెనక్కి వెళ్ళి, కింద 12 లక్షల ఫొటోలతో కుదిరిన వెయిట్లని కెలికేస్తాయి. తర్వాత చివరి లేయర్ తెలివి తెచ్చుకున్నా కింద పునాది కదిలిపోయి ఉంటుంది. దీన్ని ఎట్లా పట్టుకోవాలి? చాలా సింపుల్. ముందు అంతా ఫ్రీజ్ చేసి చివరి లేయర్ ఒక్కటే ట్రెయిన్ చేసి ఆ నంబర్ బోర్డు మీద రాసుకోండి. తర్వాత ఫైన్ ట్యూన్ చేసినప్పుడు దానికన్నా తక్కువొస్తే ముందు లెర్నింగ్ రేట్‌ని అనుమానించండి, డేటాని తర్వాత తిట్టుకోవచ్చు.

ఆ ఫ్రీజ్ చేసిన స్టెప్‌కి జీపీయూ కూడా అక్కర్లేదు, ఇది చాలామందికి తట్టదు. కింద ఏదీ మారట్లేదు కదా, అంటే ప్రతి ఫొటోకీ వచ్చే 512 నంబర్లు ఎప్పుడూ అవే. ఒకసారి 640 ఫొటోలూ మోడల్‌లోంచి పంపించి 640 వరసలు, 512 కాలమ్స్ టేబుల్ సేవ్ చేసుకోండి, దాని మీద లాజిస్టిక్ రిగ్రెషన్ వేయండి. మామూలు లాప్‌టాప్‌లో క్షణాల్లో అయిపోతుంది. ఐదు ఫోల్డులూ టీ తాగొచ్చేలోపు అయిపోతాయి. కాకపోతే ఇట్లా చేస్తే ఫొటోలు తిప్పడం, కత్తిరించడం లాంటి ఆగ్మెంటేషన్ ఉండదు, ఫస్ట్ నంబర్ కోసమే కాబట్టి పర్లేదు.

ఆ తర్వాత `layer4` ఒక్కటి ఓపెన్ చేయండి. ఒక్కటే కదా అనుకోకండి, రెస్‌నెట్ 18లో ఆ ఒక్క లేయర్‌లోనే దాదాపు 84 లక్షల వెయిట్లుంటాయి, మొత్తం మోడల్‌లో మూడొంతులు. అందుకే దానికి లెర్నింగ్ రేట్ చిన్నది, 1e-5 నుంచి 1e-4 మధ్య, చివరి లేయర్‌కి 1e-3, ఆడమ్ వాడితే. మా వాళ్ళకి ఎనభై దగ్గరున్నది ఇంకో ఐదారు పాయింట్లు పెరిగింది. కింది లేయర్లు కూడా తెరిచి చూశారు, ఇంకేం పెరగలేదు, ఒక ఫోల్డులో తగ్గింది కూడా.

ఇక్కడ ఇంకో దొంగ ఉన్నాడు, లేయర్ల మధ్య నంబర్లని బ్యాచ్ సగటుతో సర్దే బ్యాచ్‌నార్మ్. `requires_grad = False` పెట్టాం, అంతా ఫ్రీజ్ అయిపోయింది అనుకుంటాం. కాలేదు! బ్యాచ్‌నార్మ్ లోపల రన్నింగ్ మీన్, రన్నింగ్ వేరియెన్స్ అని ఉంటాయి, అవి గ్రేడియెంట్‌తో మారవు, `model.train()` లో ఉండి ఫొటోలు లోపలికెళ్తే చాలు మారిపోతాయి. కొలాబ్‌లో మెమరీ చాలక బ్యాచ్ సైజ్ 8 పెడతారు, ఎనిమిది ఫొటోల సగటు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది, ఆ ఊగిసలాటంతా స్టోర్ అయిపోతుంది. గుర్తు ఏంటంటే, అవే ట్రెయినింగ్ ఫొటోలని ఆగ్మెంటేషన్ లేకుండా `train` మోడ్‌లో ఒకసారి, `eval` మోడ్‌లో ఒకసారి పంపి చూడండి, మొదటిదానికి 95 వచ్చి రెండోదానికి 70 వస్తే దొంగ వాడే. అయితే ఒక జాగ్రత్త, `train` మోడ్‌లో పంపేటప్పుడు మళ్ళీ మారిపోతాయి కాబట్టి మోడల్ కాపీ మీద చేయండి. మందు ఇది, ప్రతి ఎపాక్ మొదట్లో వేసుకోవాలి:

```python
model.train()
for m in model.modules():
    if isinstance(m, torch.nn.BatchNorm2d):
        m.eval()
```

ఇప్పుడు ఇందాక చెప్తానన్న పైముడత, కిందిముడత గొడవ. ఆగ్మెంటేషన్ అనగానే ఆన్‌లైన్లో దొరికిన కోడ్ తెచ్చి పెట్టేస్తారు కదా, హారిజాంటల్ ఫ్లిప్, వర్టికల్ ఫ్లిప్, కలర్ జిట్టర్, అన్నీ. మా వాళ్ళూ పెట్టారు. కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ చూస్తే బూడిద తెగులు బాగానే ఉంది, పైముడతకీ కిందిముడతకీ మధ్య మాత్రం బొమ్మా బొరుసే. అర్థం కాలేదు వాళ్ళకి, రెండ్రోజులు లెర్నింగ్ రేట్ మారుస్తూ కూర్చున్నారు. నేను ఆగ్మెంట్ చేసిన ఫొటోలు ఒక ఇరవై స్క్రీన్ మీద చూపించమన్నా. మొక్క మీదున్న ఆకుని పక్క నుంచి తీసిన ఫొటో, పడవలాగా అంచులు పైకి లేచి ఉన్నాయి, వర్టికల్ ఫ్లిప్ చేయగానే ఏమైంది? పడవ బోర్లా పడింది. అంచులు కిందికి. లేబుల్ మాత్రం పైముడతే! (నవ్వులు) పొలం వాళ్ళబ్బాయే ముందు పట్టుకున్నాడు, "సార్ ఇది నల్లి సార్" అని. ఆ ఒక్క లైన్ తీసేస్తే ఆ గందరగోళం పోయింది. కలర్ జిట్టర్ కూడా అంతే, హ్యూ ఎక్కువ తిప్పితే ఆకుపచ్చ ఆకు పసుపు ఆకు అవుతుంది, తెగులుకి పసుపే గుర్తు అయిన చోట మనమే ఆ గుర్తు చెరిపేస్తున్నాం. వెలుతురు కొంచెం మార్చండి, హ్యూ జోలికి వెళ్ళకండి.

ఇంకోటి, ఫోన్ ఫొటో 3000 ఇంటూ 4000 పిక్సెల్స్ ఉంటుంది. పైన కోడ్‌లో `prep` ఉంది చూడండి, అది చిన్న వైపుని 256కి కుదించి మధ్యలోంచి 224 కత్తిరిస్తుంది. అంటే దాదాపు పన్నెండు రెట్లు కుదింపు. బూడిద తెగులు మొదట్లో ఆకు మీద చిన్న తెల్లటి మచ్చ, ఫొటోలో ఇరవై పిక్సెల్స్ ఉందనుకోండి, కుదించాక రెండు పిక్సెల్స్ కూడా మిగల్లేదు. మోడల్‌కి కనపడనిదాన్ని అది ఎట్లా చెప్తుంది? పైగా సెంటర్ క్రాప్‌లో ఆకు కొన తెగిపోతుంది. ముందు ఆకు వరకు కత్తిరించి అప్పుడు కుదించండి, చేత్తో చేసినా 640 ఫొటోలు ఒక సాయంత్రం పని.

ఇక స్క్రాచ్ వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి. మీ స్లైడ్లలో స్క్రాచ్ ఎప్పుడూ ఓడిపోవడానికి ఒక కారణం, దానికి కూడా అదే పది ఎపాక్‌లు, అదే చిన్న లెర్నింగ్ రేట్ ఇస్తారు. పాపం దానికి టైమ్ కావాలి. 2018లో కైమింగ్ హే వాళ్ళ టీమ్, రెస్‌నెట్ రాసినాయనే, ఇదే చూశారు, ఫొటోలో వస్తువులు ఎక్కడున్నాయో కనిపెట్టే పని మీద. కోకో డేటాసెట్ లక్షా 18 వేల ఫొటోలతో స్క్రాచ్‌ని బాగా ఎక్కువసేపు ట్రెయిన్ చేస్తే ప్రీట్రెయిన్డ్‌తో సమానం అయింది. పది వేల ఫొటోలకి తగ్గించినా అందుకుంది. వెయ్యి ఫొటోలకి తగ్గించేసరికి చతికిలపడింది, ప్రీట్రెయిన్డ్‌కి స్కోరు 9.9 వస్తే స్క్రాచ్‌కి 3.5. ఈ పది వేలు చూసి "నాకు పది వేలుంటే స్క్రాచ్ చాలు" అనుకోకండి మళ్ళీ, కోకోలో ఒక్కో ఫొటోలో సగటున ఏడు వస్తువులకి బాక్సులు గీసి ఉంటాయి, పది వేల ఫొటోలంటే డెబ్భై వేల లేబుల్స్. మనది ఫొటోకి ఒక్క లేబుల్, అదీ నలభై మొక్కల నుంచే. నన్నడిగితే మా వాళ్ళ డేటా సైజు 640 కాదు, నలభైకి కొంచెం ఎక్కువ.

మెడికల్ ఇమేజెస్ మీద కూడా 2019లో ఒక పని వచ్చింది, రెండున్నర లక్షల రెటీనా ఫొటోలు, అక్కడ ఇమేజ్‌నెట్ ప్రీట్రెయినింగ్ వల్ల పెద్ద లాభం ఏం కనిపించలేదు, చిన్న నెట్‌వర్క్‌ని స్క్రాచ్ నుంచి చేసినా దగ్గర దగ్గరగా వచ్చింది. అంత డేటా మీ చేతిలో ఉంటే ఈ టాక్ మీకు అక్కర్లేదు. (నవ్వులు)

మీరు స్లైడ్ మీద పెట్టే పోలికకి ఇంకో చిక్కు ఉంది. 128 టెస్ట్ ఫొటోలు, 90 శాతం వచ్చింది అనుకోండి. కేవలం ఏ ఫొటోలు టెస్టులో పడ్డాయి అన్న అదృష్టం వల్లే అది అటూ ఇటూ ఐదు పాయింట్లు ఊగుతుంది. ఒకే మొక్క ఫొటోలు ఒకలాగే ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే ఊగుతుంది. కాబట్టి "రెస్‌నెట్ 91, ఎఫిషియెంట్‌నెట్ 93, ఎఫిషియెంట్‌నెట్ గొప్పది" అని రాస్తే నేను ఒప్పుకోను. ఐదు ఫోల్డుల నంబర్లూ విడివిడిగా రాయండి, ఐదింట్లోనూ ఒకటే గెలిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. స్క్రాచ్‌కీ ఫైన్ ట్యూనింగ్‌కీ పాతిక పాయింట్ల తేడా ఉంది కాబట్టే అది నిలబడింది.

క్వశ్చన్స్ ఏమన్నా ఉన్నాయా? ఆ, చెప్పండి.

(ప్రశ్న: సార్, ఎన్ని ఫొటోలుంటే చాలు?)

ఒక నంబర్ చెప్తే అబద్ధం చెప్పినట్టే. మీ డేటానే అడగండి. ట్రెయినింగ్ మొక్కల్లో నాలుగో వంతుతో ఒకసారి, సగంతో ఒకసారి, మొత్తంతో ఒకసారి, స్క్రాచ్‌దీ ఫైన్ ట్యూన్‌దీ రెండు గీతలు గీయండి. ఫొటోలు కాదు, మొక్కలు తగ్గించండి. ఫైన్ ట్యూన్ గీత పడుకుండిపోయి ఉంటే ఇంకో వంద ఫొటోలు తెచ్చినా లాభం తక్కువ, ముందు లేబుల్స్ చూసుకోండి. ఇంకా లేస్తూనే ఉంటే కొత్త మొక్కల దగ్గరికెళ్ళండి, పాత మొక్కకి ఇంకో పదహారు తీయకండి.

(ప్రశ్న: మాది సాయిల్ టెస్ట్ డేటా సార్, మూడొందల వరసలు, పీహెచ్, నైట్రోజన్ అవీ...)

దానికి ఇమేజ్‌నెట్ ఏం చేస్తుందమ్మా, ఫొటో కాదు కదా. ర్యాండమ్ ఫారెస్ట్ వేయండి, హాయిగా ఉంటుంది. మొన్న ఒకాయన ఆ టేబుల్‌నే బొమ్మలాగా మార్చి రెస్‌నెట్‌కి పెట్టాడు, వద్దు బాబూ.

(ప్రశ్న: తెలుగు చేతిరాత అక్షరాలు సార్, 32 ఇంటూ 32, బ్లాక్ అండ్ వైట్. ఫైన్ ట్యూన్ చేస్తే స్క్రాచ్ కన్నా తక్కువొస్తోంది.)

మంచి ప్రశ్న, ఇది మిరపాకుకి సరిగ్గా రివర్స్. రెస్‌నెట్ లోపల బొమ్మ 32 రెట్లు కుదించుకుపోతుంది. 224 ఇస్తే చివర్లో 7 ఇంటూ 7 గడులు మిగులుతాయి, మీరు 32 ఇస్తే ఒక్క గడి మిగులుతుంది. ప కీ ఫ కీ తేడా కిందున్న చిన్న గీతే కదా, అది ఎక్కడుందో చెప్పడానికి చోటే లేదు లోపల. అయితే 224కి పెద్దది చేసి ఇవ్వండి, లేదా మూడు నాలుగు లేయర్ల చిన్న సీఎన్ఎన్ స్క్రాచ్ నుంచి చేయండి, అక్షరాలకి అది చాలు. ఇంకో దారి కూడా ఉంది, నాకైతే అదే ఇష్టం. మన తెలుగు ఫాంట్లు ఒక ఇరవై తీసుకుని, కొంచెం వంచి, కొంచెం మందం మార్చి, అక్షరాల బొమ్మలు కంప్యూటర్‌తోనే లక్ష తయారుచేయండి. మీ చిన్న సీఎన్ఎన్‌ని ముందు వాటి మీద ట్రెయిన్ చేసి, తర్వాత మీ చేతిరాత ఫొటోల మీద ఫైన్ ట్యూన్ చేయండి. ప్రీట్రెయినింగ్ అంటే ఇమేజ్‌నెట్టే అవ్వాలని ఎక్కడా లేదు కదా. స్ప్లిట్ మాత్రం రాసిన మనిషి వారీగా, ఎంతమంది రాశారు మీకు?

(పన్నెండు మంది సార్.)

పన్నెండా. అయితే ముందు ఇంకో ముప్పై మంది చేత రాయించుకురండి. లంచ్ టైమ్ అయింది, క్యాంటీన్ క్యూలో ఉన్నవాళ్ళనే పట్టుకోండి.